కోనసీమ జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ: దాళ్వా డబ్బు పడకముందే ఫోన్‌లో తెరిచిన బ్యాంకు ఖాతాలను సరిచేయించండి

గౌరవనీయులైన డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా కలెక్టర్ గారికి నమస్కారాలు.

జిల్లాలో బ్యాంకర్ల సంప్రదింపుల కమిటీకి అధ్యక్షులు మీరే కనుక ఈ విన్నపం మీ ముందుంచుతున్నాం. ధాన్యం అమ్మే రైతుల పేర్లు రాసుకునేటప్పుడు రైతు సేవా కేంద్రాల్లో ఒక్క ప్రశ్న అదనంగా అడిగించండి: "ఈ ఖాతా బ్యాంకుకు వెళ్లి తెరిచారా, ఇంట్లో కూర్చుని ఆధార్ ఓటీపీతో తెరిచారా?"

ఓటీపీ ఒక్కటే ఇచ్చి, వేలిముద్ర గానీ వీడియో కాల్ గానీ లేకుండా తెరిచిన ఖాతా పూర్తి ఖాతా కాదు. రిజర్వు బ్యాంకు కేవైసీ నిబంధనల ప్రకారం అందులో నిల్వ లక్ష రూపాయలు దాటకూడదు. ఒక ఆర్థిక సంవత్సరంలో జమ అయ్యే మొత్తం రెండు లక్షలు దాటకూడదు. ఏడాదిలోగా పూర్తి కేవైసీ చేయించుకోకపోతే ఆ ఖాతా మూసేయాలి. ఇలాంటిది మరో బ్యాంకులో లేదని, ఇకపై తెరవనని ఖాతాదారు ముందే ఒప్పుకోవాలి. యాప్‌లో టిక్కు పెట్టేటప్పుడు ఆ వాక్యం చదివేవాళ్లు అరుదు.

మన లెక్కలోకి వద్దాం. మూడెకరాల దాళ్వా, ఎకరాకు 45 బస్తాలు, బస్తా 75 కిలోలు అనుకుంటే 101 క్వింటాళ్ల పైచిలుకు. 2025-26 సాధారణ రకం మద్దతు ధర క్వింటాకు 2,369 రూపాయలు. మొత్తం సుమారు 2,39,860 రూపాయలు. ఒక్క జమతోనే రెండు హద్దులూ దాటిపోయాయి. నిల్వ లక్ష దాటగానే, పూర్తి కేవైసీ అయ్యేవరకు ఖాతా పనిచేయకూడదన్నది నిబంధన. డబ్బు ఎక్కడికీ పోదు, కానీ కూలీలకు, కోత మిషనుకు, ఎరువుల కొట్టుకు కట్టాల్సిన రోజున చేతికి రాదు. చిన్న కమతమైనా తప్పించుకోలేదు. ఏప్రిల్ నెలలో పడే దాళ్వా డబ్బు, డిసెంబరులో వచ్చే సార్వా డబ్బు ఒకే ఆర్థిక సంవత్సరం కిందకు వస్తాయి. రెండెకరాల రైతు కూడా రెండో పంటకు ఆ గీత దాటేస్తాడు.

దీన్ని సరిచేయడం పెద్ద పనేం కాదు. ఆధార్, పాన్ కార్డు, ఫొటోతో బ్రాంచికి వెళ్లి, వేలిముద్రతో ఈ-కేవైసీ చేయించుకుని, నమూనా సంతకం ఇస్తే చాలు. పాన్ లేకపోతే ఫారం 60 ఇవ్వాలి. కొత్త ఖాతాకు కూడా ఇవే కావాలి. ఆధార్ ఇవ్వలేనివారికి పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు కార్డు, అధికారి సంతకం ఉన్న ఉపాధి హామీ జాబ్ కార్డు చెల్లుతాయి. బియ్యం కార్డు, పట్టాదారు పాసు పుస్తకం ఈ జాబితాలో లేవు. ఇవి పట్టుకుని వచ్చి వెనుదిరిగే రైతులు చాలామంది.

పని ఆగిపోయేది రెండు చోట్ల. మొదటిది వేలిముద్ర. ఏళ్ల తరబడి చేనిపని చేసిన పెద్దవాళ్ల వేళ్లపై గీతలు అరిగిపోయి యంత్రం తీసుకోదు. గాయం, అనారోగ్యం, వృద్ధాప్యం వల్ల ఇలా అయితే ఆఫ్‌లైన్ పద్ధతిలోనో, మరో గుర్తింపు పత్రం ధృవీకరించిన నకలుతోనో కేవైసీ చేయవచ్చని నిబంధనలోనే ఉంది. "వేలు పడలేదు, రేపు రండి" అని పంపేయడం సరికాదు.

రెండోది పేరు. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, పాన్‌లో పూర్తిగా ఉంటుంది; పెళ్లయిన ఆడవాళ్లకు ఒకదానిలో పుట్టింటి ఇంటిపేరు, మరోదానిలో అత్తింటిది ఉంటుంది. కంప్యూటర్‌కు వీళ్లు వేర్వేరు మనుషులు. పెళ్లి తర్వాత పేరు మారితే, పాత పేరుతో ఉన్న పత్రానికి ప్రభుత్వం ఇచ్చిన వివాహ ధృవపత్రం గానీ, గెజిట్ ప్రకటన గానీ జతచేస్తే సరిపోతుంది. ఇంటిపేరు అక్షరం తేడాకు మాత్రం ఆధార్‌నో పాన్‌నో సరిచేయించుకోవడమే మేలు. అది రోజుల మీద పడే పని కాబట్టే కొనుగోళ్లకు ముందే కదలాలని అడుగుతున్నాం.

పాత ఆధార్ కార్డుల మీద ఇంకా "తూర్పు గోదావరి జిల్లా" అని ఉంది. 2022 ఏప్రిల్ 4న కోనసీమ వేరు జిల్లా అయినంత మాత్రాన ఆ కార్డు చెల్లకుండా పోదు. ఆధార్ ఈ-కేవైసీతో పాటు ఇప్పటి చిరునామాకు స్వీయ ప్రకటన ఇవ్వవచ్చు. ఈ మాట బ్రాంచీలకు మీ ద్వారా స్పష్టంగా వెళ్లాలి.

వచ్చే సమావేశంలో మూడు నిర్ణయాలు కోరుతున్నాం. మార్చి నెలలో లంక గ్రామాలతో సహా కేవైసీ శిబిరాలు పెట్టి వేలిముద్ర యంత్రంతో పాటు ఫారం 60 కాగితాలు కూడా అక్కడే ఉంచాలి. పత్రాలు తీసుకున్న ప్రతి బ్రాంచి తేదీతో రసీదు ఇవ్వాలి. ఖాతా ఆపితే ఏ హద్దు దాటిందో, ఏ పత్రం తక్కువైందో తెలుగులో రాసివ్వాలి. "కేవైసీ పెండింగ్" అన్న ఒక్క ఎస్ఎంఎస్ చూసి ఏ కాగితం పట్టుకెళ్లాలో రైతుకు తెలియదు.

ఇట్లు,
బ్యాంకు కాగితాల పనిలో రైతులకు తోడ్పడే కోనసీమ వాసులు