కొత్త పేరు ఎందుకు ఆగిందంటే

"సంక్రాంతికల్లా కొత్త పేరుతో ప్యాకెట్లు వస్తాయన్నారు కదండీ, ఇంకా పాత కవర్లేనా?" అని మా దగ్గర విత్తనాలు, వడియాలు కొనేవాళ్లు అడుగుతున్నారు.

అనుకున్న పేరు 'పాదు'. కవర్లు ప్రింట్ చేసే సిలిండర్లు చేయించడానికి ముందే దాన్ని పక్కన పెట్టేశాం.

ఆనప, బీర, పొట్ల విత్తనాలు, గుమ్మడి వడియాలు అమ్మేవాళ్లకి అంతకన్నా మంచి పేరేముంటుంది? తెలుగులో రాస్తే ఏ ఇబ్బందీ లేదు. కానీ వైజాగ్‌లో మా దగ్గర కొనేవాళ్లలో నేవీ వాళ్లు, ఉక్కునగరం వాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో హిందీ, ఒడియా, బెంగాలీ, తమిళం మాట్లాడేవాళ్లు ఎక్కువ. వాళ్ల కోసం కవర్ మీద Paadu అని కూడా వేయాలి. చిక్కంతా అక్కడే వచ్చింది.

పేరు ఒక్కటే తెల్ల కాగితం మీద పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసి కౌంటర్ దగ్గర పెట్టాం. బొమ్మ లేదు, అర్థం చెప్పలేదు. ముందే అర్థం చెప్తే ఎవరైనా 'బాగుంది' అనేస్తారు. "ఇది పైకి చదవండి, చదవగానే ఏం గుర్తొచ్చింది?" అని మాత్రమే అడిగాం. బిహార్ నుంచి వచ్చిన ఒకావిడ చదివి ఊరుకున్నారు. పక్కనున్న వాళ్లబ్బాయి మాత్రం పొట్ట పట్టుకుని నవ్వాడు. హిందీలో 'పాద్' అంటే అపానవాయువు. 'పాదూ' అంటే ఆ పని తరచూ చేసేవాడు. బెంగాలీలో కూడా 'పాద్' అంటే అదే. పెద్దవాళ్లు మర్యాదకి చెప్పరు, పిల్లలు దాచుకోలేరు. అందుకే ఆ తర్వాత ప్రతి భాషలోనూ ఒక పెద్దావిడని, ఒక కుర్రాణ్ణి అడగడం మొదలెట్టాం. మామూలు నిఘంటువులు తిరగేస్తే ఇలాంటి మాటలు కొన్నిసార్లు కనపడవు, కనపడినా ఎంత మోటుగా వినిపిస్తాయో తెలీదు.

అసలు దెబ్బ మాత్రం మన తెలుగువాళ్ల దగ్గరే తగిలింది. ఇంగ్లీషు అక్షరాల్లో 'ద'కీ 'డ'కీ తేడా ఉండదు. Paadu చూసి సగం మంది 'పాడు' అని చదివారు. పాడు వడియాలు! తినే సరుకు మీద ఆ మాట ఉంటే ఇంక చెప్పేదేముంది.

తమిళం వాళ్లు కూడా 'పాడు' అనే చదివారు. వాళ్లకది 'పాట పాడు' అన్నట్టు తోచింది, కష్టం అనే అర్థం కూడా ఉందట. దాన్ని మేం పెద్దగా పట్టించుకోలేదు. ప్రతి భాషలోనూ ప్రతి మాటకీ ఏదో ఒక అర్థం దొరుకుతుంది. అన్నిటికీ భయపడితే ఏ పేరూ మిగలదు. మేం చూసుకున్నవి రెండే: ఆ భాషవాళ్లు నిజంగా మన దగ్గర కొంటారా, ఆ అర్థం మన సరుకు పక్కన పెడితే ఎబ్బెట్టుగా ఉంటుందా. మిత్సుబిషి పజెరో కారు స్పెయిన్‌లో, స్పానిష్ మాట్లాడే లాటిన్ అమెరికా దేశాల్లో 'మోంటెరో' పేరుతో అమ్ముడైంది ఇందుకే. స్పానిష్‌లో 'పజెరో' అన్న మాట బూతు. మన దగ్గర మాత్రం పజెరో పజెరోగానే తిరిగింది.

స్పెల్లింగ్ మార్చి Paadhu అని పెడదాం అన్నాడు మా మరిది. తెలుగు, తమిళం వాళ్లకి అది పనిచేసింది. కానీ పేరుని కంటితో చదవడమే కాదుగా, కొరియర్ అబ్బాయి ఫోన్ చేసి "పాదు నుంచి పార్సిల్" అంటాడు కూడా. స్పెల్లింగ్ మారినా హిందీ, బెంగాలీ వాళ్ల చెవికి అదే మాట వినపడుతుంది. దాంతో ఆ పేరు మీద ఆశ వదిలేశాం.

ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో చూశారా అని కొందరు అడిగారు. చూశాం. అక్కడ సరుకుల్ని రకాన్ని బట్టి క్లాసులుగా విడదీస్తారు: విత్తనాలకి 31వ క్లాసు, వడియాల్లాంటి వాటికి 29, 30. పలకడంలో దగ్గరగా ఉన్నవి వెతికే ఫొనెటిక్ సెర్చ్ కూడా అందులో ఉంది. అయితే అది ఆ పేరు వేరేవాళ్లది అవునా కాదా అనే చెప్తుంది. జనం నవ్వుతారా లేదా అన్నది దానికి సంబంధం లేని సంగతి. మాలాంటి చిన్న వ్యాపారులకి ఆన్‌లైన్ ఫీజు ఒక్కో క్లాసుకి 4,500 రూపాయలు, కట్టాక తిరిగి రాదు. అందుకే ముందు నోళ్ల పరీక్ష, తర్వాతే దరఖాస్తు. సిలిండర్ల సంగతీ అంతే. ప్రింటెడ్ పౌచ్‌లకి ఒక్కో రంగుకి ఒక్కో సిలిండర్ చెక్కుతారు. పేరులో ఒక్క అక్షరం మారినా ఆ అక్షరం పడిన సిలిండర్లన్నీ మళ్లీ చెక్కించాలి.

ఇప్పుడు 'తీగ' అనే పేరు పరీక్షలో ఉంది, Teega అని రాసి. హిందీవాళ్లు 'టీగా' అంటున్నారు, ఒకరిద్దరికి 'తీఖా', అంటే కారం, గుర్తొచ్చింది. ఇండోనేషియా భాషలో 'తిగా' అంటే మూడు. ఏదీ కొంప ముంచేది కాదు. మనవాళ్లలో కొందరు కరెంటు తీగ అన్నారు, దానికీ నవ్వుకుని ఊరుకోవచ్చు.

ఒడియా, బెంగాలీ వాళ్లని ఇంకా అడగాలి. మీ పక్కింట్లో ఎవరైనా ఉంటే Teega అని కాగితం మీద రాసి చదివించండి, మా పేరు మాత్రం చెప్పకండి. వాళ్లేమన్నారో ఉన్నది ఉన్నట్టు మెసేజ్ పెట్టండి. అప్పటిదాకా వడియాలు పాత కవర్లోనే వస్తాయి.