బోర్డు పీపీటీ ఫైలు పేరు గురించి

అందరికీ నమస్కారం. పోయిన బోర్డు మీటింగుకి ముందు రాత్రి ఏం జరిగిందో గుర్తుంది కదా. ఒంగోలు వాళ్ళు వాట్సాప్‌లో వచ్చిన కాపీలో 9వ స్లైడు మేత అమ్మకాలు సరిచేశారు. అదే టైములో నెల్లూరులో అకౌంట్స్ వాళ్ళు డ్రైవ్‌లో ఉన్న ఫైల్లో 12వ స్లైడు మార్చారు. రెండిటి పేరూ `Board_final.pptx` అనే ఉంది. డైరెక్టర్లకి వెళ్ళిన దాంట్లో పాత అమ్మకాలే ఉన్నాయి.

వాట్సాప్‌లో పంపిన క్షణం నుంచీ అది వేరే ఫైలే అండీ, మనం చేసే మార్పులు అసలు దాంట్లోకి పోవు. అందుకే ఈసారి ఫైలు పంపొద్దు, డ్రైవ్ లింకే పంపండి. పేరు ఇలా ఉండాలి:

```
2025-07-05_Board_v07_ONG.pptx
```

ముందు మీటింగు తేదీ, తర్వాత వెర్షను, చివర మార్చింది ఏ ఆఫీసో. సంవత్సరం ముందుంటేనే ఫోల్డర్లో మీటింగులు వరసగా నిలబడతాయి. "final" అనే మాట వద్దు, దాని తర్వాత ఎప్పుడూ ఇంకోటి వస్తుంది. వెర్షను నంబరు ప్రతి స్లైడు ఫుటర్‌లో కూడా వేయండి, ప్రింటు చేతిలో ఉన్నా అది ఏ వెర్షనో తెలుస్తుంది.

నెట్ లేక ఎవరైనా విడిగా మార్చి ఉంటే చేత్తో కాపీ చేయకండి. పవర్‌పాయింట్‌లో అసలు ఫైలు తెరిచి Review లో Compare నొక్కి మీ కాపీ ఎంచుకోండి. తేడాలు చూపిస్తుంది, ఒక్కొక్కటీ ఒప్పుకోవచ్చు.

డైరెక్టర్లకి వెళ్ళిన వెర్షను ఇక ఎవరూ ముట్టుకోవద్దు. ఒక్క అంకె మారినా v08 చేయండి.