వార్షిక నివేదిక: జంపఖానాల కంపెనీ పదేళ్ల సభ, అక్కడ ఇచ్చిన మాటలు

సభ్యులకు నమస్కారం. సభ్యత్వాలు, పొదుపు ఖాతా, భవనం మరమ్మతు లెక్కలు ఎప్పటిలాగే విడి కాగితాల్లో ఇచ్చాం, ఇక్కడ మళ్లీ రాయడం లేదు. మన సంఘం మగ్గాల్లో చాలావాటికి పని ఇచ్చే కంపెనీ ఈ ఏడాది పదేళ్లు నింపుకుంది. కొత్తవాడలో జరిగిన సభలో కంపెనీ పెట్టినాయన మాట్లాడిన దాంట్లో మన పనికి నేరుగా తగిలే విషయాలున్నాయి. సన్మానాలు, శాలువాల ముచ్చట వదిలేసి వాటినే రాస్తున్నాం.

ఆయన కృతజ్ఞతలు మొదలుపెట్టింది కండెలు చుట్టేవాళ్లతో. ఇలాంటి సభల్లో వాళ్ల పేరు చివర్లో వస్తుంది, ఒక్కోసారి రానే రాదు. "జంపఖానాల కనవడేదంతా పేకనే. పడుగు లోపల దాగుతది. ఆ పేక ఏ చిలపల నుంచి ఏ కండెకు వచ్చిందో తెలిసేది ఇంట్ల కూసోని చుట్టే అక్కలకే" అన్నారు. ఆ వెంటనే ఒక కొనుగోలుదారుకు కృతజ్ఞతలు చెప్పారు. ఆ మనిషి చేసిందల్లా సరుకు వాపసు పంపడమే.

వచ్చింది నాలుగడుగులకు ఆరడుగుల ఎరుపు–తెలుపు చారల జంపఖానా. ఉతికితే ఎరుపు దిగి తెలుపు గులాబీ రంగుకు తిరిగింది. మామూలుగా "రంగు పోయింది" అన్న ఒక్క మాటతో ఫిర్యాదు వస్తుంది, దాంతో ఎవరికీ ఏమీ తేలదు. ఈ కొనుగోలుదారు మాత్రం రాత్రంతా సబ్బునీళ్లలో నానబెట్టామని రాసి, పగటి వెలుతురులో తీసిన ఫోటో జతచేశారు. ఫోటోను జాగ్రత్తగా చూస్తే ఎరుపు చారలన్నీ దిగలేదు. ఒక అంచు వైపు చారలు శుభ్రంగా ఉన్నాయి, రెండో అంచు వైపువే పారాయి. నానబెట్టడమే కారణమైతే అన్నీ ఒకేలా దిగాలి. అంటే ఒకే జంపఖానాలో రెండు వాయిల నూలు పడింది, అందులో ఒక వాయిని అద్దాక సరిగ్గా ఉతకలేదు.

ఇక్కడ ఆయన అద్దకం గురించి చెప్పింది కొత్త సభ్యుల కోసం కొంచెం విడమర్చి రాస్తున్నాం. పది కిలోల నూలుకు ముదురు ఎరుపు వేయాలంటే చల్లని రకం రియాక్టివ్ రంగు సుమారు 400 గ్రాములు, నీళ్లు 200 లీటర్లు, ఉప్పు 12 కిలోలు, సోడా 4 కిలోలు పడతాయి. ఉప్పును ఒక్కసారే కుమ్మరించకుండా మూడు నాలుగు విడతలుగా అరగంటలో వేస్తారు, లేకపోతే మరకలు పడతాయి. ఉప్పు రంగును నూలు దగ్గరికి తోస్తుంది. తర్వాత వేసే సోడా దాన్ని నూలుతో కలిపి బిగిస్తుంది. అయితే సోడా పడ్డాక కొంత రంగు నూలుతో కలవకుండా నీళ్లతోనే కలిసిపోతుంది. అది పోగుకు అంటుకుని ఉన్నట్టే కనిపిస్తుంది గానీ పట్టు ఉండదు. తర్వాత ఉతుకులో దిగేది అదే. అద్దకం ఎంత బాగా చేసినా ఇది కొంత మిగలక తప్పదు, కాబట్టి దాన్ని ఉతికి తీసేయడం కూడా అద్దకంలో భాగమే.

ఆ ఉతుకుకు ఒక వరుస ఉంది. ముందు చన్నీళ్లలో రెండుసార్లు జాడించి ఉప్పును పోగొట్టాలి. తర్వాత వేడి నీళ్లు, ఆ తర్వాత లీటరుకు 2 గ్రాముల సబ్బుతో పావుగంట మరిగించాలి. ముదురు రంగులైతే ఈ మరిగింపు రెండుసార్లు. మళ్లీ వేడి నీళ్లు, చన్నీళ్లు. ఉప్పు నూలులో ఉండగానే మరిగిస్తే, ఆ ఉప్పు వదులు రంగును పోగుకే పట్టి ఉంచుతుంది, సబ్బు లాగలేదు. పని తొందరలో చాలాచోట్ల వదిలేసేది ఈ చన్నీళ్ల జాడింపునే, ఎందుకంటే అది అనవసరమైన నీళ్ల ఖర్చులా కనిపిస్తుంది. బోరు నీళ్లలో సున్నం ఎక్కువుంటే సబ్బు నురగ రాక తెట్టులా తేలుతుంది. అలాంటప్పుడు ఎంత మరిగించినా ఫలితం తక్కువే. వాన నీళ్లు పట్టుకోవడమో, నీళ్లను మెత్తబరిచే మందు వాడడమో చేయాలి. చివరి జాడింపు నీళ్లను గాజు గ్లాసులో పట్టి తెల్ల కాగితం ముందు చూస్తే రంగు కనిపించకూడదు.

ఇదంతా చెప్పి, అద్దకం దగ్గర పొగలో, ఆవిరిలో నిలబడే వాళ్లను లేపి నిలబెట్టి ఆయన అన్న మాట: "మీరు పోసే ఆఖరు బొక్కెన నీళ్లు బిల్లుల కనవడయి. కానీ కొన్నోళ్లు రెండోసారి వస్తున్నరంటే గందుకే." చప్పట్లు గట్టిగానే వచ్చాయి. ఆ బొక్కెనకు అదనపు కూలి ఎంత అన్నది మాత్రం ఆయన ఎత్తుకోలేదు.

ఇక ముందుకు చేయబోయేవి. మొదటిది వాయి చీటీ. ప్రతి వాయికి ఒక నంబరు వేసి, చిలపకు కట్టిన చీటీ కండెల బుట్టతో మగ్గం దాకా రావాలి. నేత పూర్తయ్యాక అదే నంబరు జంపఖానా వెనక కుట్టాలి. ఒక జంపఖానాకు ఎరుపు నూలంతా ఒకే వాయిదై ఉండాలి. ఇందులో ఒక చిక్కుంది. వాయి చివర కొన్ని కండెలు మిగిలిపోతాయి, వాటిని వేరే పెట్టాలి, చిన్న సైజులకు వాడుకోవాలి. కండె చుట్టేవాళ్లకూ నేసేవాళ్లకూ దీంతో సమయం పోతుంది. కూలి జంపఖానా లెక్కన వస్తుంది కాబట్టి ఆ నష్టం వాళ్ల మీదే పడుతుంది. మన సంఘం తరఫున ఇది అడిగితే ఎరుపు, ముదురు నీలం వరకు అదనంగా కట్టిస్తామని వేదిక మీదే ఒప్పుకున్నారు. ఇది నివేదిక రాసేనాటికి కాగితం మీదికి రాలేదు. కార్యవర్గం దీన్ని వదలదు.

రెండోది పరీక్ష. అద్దిన నూలును తెల్ల నూలుతో కలిపి జడలా అల్లి, లీటరు నీళ్లలో 5 గ్రాముల సబ్బు, 2 గ్రాముల సోడా కలిపి 60 డిగ్రీల వేడిలో అరగంట ఉంచాలి. ఆరాక తెల్ల పోగును పగటి వెలుతురులో చూడాలి. దీంతో పాటు తడి గుడ్డతో రుద్ది చూడడమూ ఉంటుంది. కానీ ముదురు రంగులు సరిగ్గా అద్దినా తడి రుద్దుడులో కొద్దిగా అంటుతాయి. ఆ ఒక్కదాన్ని బట్టి వాయిని తిప్పి పంపడం సరికాదని మా అభిప్రాయం. జడ పరీక్షకే విలువ ఇవ్వాలి.

మూడోది భౌగోళిక గుర్తింపు. వరంగల్ జంపఖానాలకు అది 2018లో వచ్చింది. అంతమాత్రాన ప్రతి నేతగాడూ ఆ గుర్తు వేసుకోవడానికి లేదు, అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు కావాలి. ఆ నమోదు పదేళ్ల వరకు, లేదా అసలు గుర్తింపు గడువు తీరేదాకా, ఏది ముందైతే అది. కంపెనీ తన పేరు మీద కాకుండా నేతగాళ్ల పేర్ల మీద దరఖాస్తులు పెట్టిస్తామంది. ఇది మనకు మేలు. రేపు వేరే వాళ్లకు నేసినా గుర్తు మనతోనే ఉంటుంది.

దరఖాస్తు చేయాలనుకునే సభ్యులు ఆధార్, నేత గుర్తింపు కార్డుల నకళ్లు సంఘం ఆఫీసులో ఇవ్వాలి. వాయి చీటీల మొదటి కట్ట కూడా అక్కడే ఉంది. నూలు తీసుకునేటప్పుడు చీటీ లేని చిలపలు వస్తే తీసుకోకుండా, ఏ రంగు, ఎన్ని కిలోలో రిజిస్టరులో రాయించండి.