షెడ్డు కప్పుకి వేసిన ఐదు బోల్టులు నిజంగ ఐదు లెక్క కావు

ఎడిటర్ గారికి నమస్కారం. మాది హన్మకొండ, సివిల్ డిప్లొమా చదివి ఇరవై ఏండ్ల సంది కట్టెపని చేయిస్తున్న. మా ఏరియా చెరువు కట్ట మీద పబ్లిక్ కోసం కట్టిన పెంకుల షెడ్డు గురించి ఈ ఉత్తరం. పొద్దున వాకింగ్ వాళ్ళు, సాయంత్రం పిల్లలు దానికిందనే కూసుంటరు. మొన్న ఈదురుగాలి తర్వాత పైకి చూస్తే కప్పుని మోసే ట్రస్ చట్రంల కింది కట్టె అతుకు దగ్గర ఒక పగులు కనబడ్డది, నిచ్చెన తెచ్చి ఎక్కి చూసిన.

అతుకు ఎట్ల పెట్టిన్రంటే, రెండు 50 ఎం.ఎం. పలకలు ఒకదాని మీద ఒకటి ఆనించి, 12 ఎం.ఎం. బోల్టులు ఐదు, ఒకే లైన్ల, 60 ఎం.ఎం.కి ఒకటి చొప్పున బిగించిన్రు. చివరి బోల్టు కాడ మొదలైన పగులు చెక్క నార వెంబడి పక్క రంధ్రంలోంచి పోయింది. ఆ చివరి బోల్టు ఒక పక్కకి ఒరిగి ఉన్నది, దాని వాషర్ ఒక అంచు చెక్కలకి దిగింది. నడిమి బోల్టు చుట్టూ మాత్రం గీత కూడ లేదు. అసలు సంగతి అంతా అక్కడనే ఉన్నది.

పని చేసినాయనని అడిగితే, కింది కట్టె మీద లాగుడు 2 టన్నులు, బోల్టు ఒక్కటి 500 కిలోలు మోస్తది, ఐదు బోల్టులు అంటే 2500 కిలోలు, ఇంకేం కావాలె అన్నడు. ఒక్క బోల్టు లెక్క తప్పు కాదు, గట్టి కట్టెకి, ఆరుబయట తడికి కొంత తగ్గించి నేను లెక్క కట్టినా అంతే వచ్చింది. ఇది సింగిల్ షియర్, అంటే రెండు పలకల నడుమ ఒకే కోత గీత, లాగుడు ఒక పలక నడిమి నుంచి పక్క పలక నడిమికి జరుగుతది కాబట్టి బోల్టు వంగి ఒరగాలని చూస్తది, అందుకే 500 దగ్గర ఆగుతది.

తప్పంతా ఐదుతోటి గుణించుడు దగ్గర ఉన్నది. వరుసల ఉన్న బోల్టులు బరువు సమానంగ పంచుకోవు, చెక్క సాగుతది కాబట్టి రెండు చివర్ల బోల్టుల మీదనే ఎక్కువ పడతది. రంధ్రం 1 ఎం.ఎం. వదులుగ కొడతరు గదా, ఏది ముందుగ ఆనితే అదే ముందు మోస్తది, మిగతావి ఆనేలోపు నార చీలుడు మొదలైతది. కట్టె కట్టడాలకి యూరప్ వాళ్ళ కోడ్ అయిన యూరోకోడ్ 5ల నార వెంబడి ఒక వరుసల బోల్టులకి ఈ సూత్రం ఉన్నది:

n_ef = n^0.9 × (a1 / 13d)^0.25

n_ef అంటే లెక్కల తీసుకోవాల్సిన బోల్టుల సంఖ్య, n వేసిన బోల్టుల సంఖ్య, a1 వాటి మధ్య దూరం, d బోల్టు లావు. మన షెడ్డుకి 5, 60, 12 పెడితే 3.35 వస్తది. అంటే ఐదు బోల్టులు మోసేది దాదాపు 1675 కిలోలే, 2 టన్నులకి చాలదు. మీద కెల్లి చివరి బోల్టు నుంచి చెక్క కొసకి కనీసం 84 ఎం.ఎం. ఉండాలె, టేపు పెట్టి కొలిస్తే 50 వచ్చింది.

ఇప్పుడు రిపేరు ఎస్టిమేట్‌ల అదే లైన్ల ఇంకో రెండు బోల్టులు ఇరికిస్తమని రాసుకున్నరని విన్న, దయచేసి అట్ల చేయొద్దు. దగ్గర దగ్గరగ కొడితే a1 తగ్గుతది, నార ఇంకా జల్ది చీలుతది. పగిలిన పలకలు తీసి కొత్త కట్టెలు చివరలు ఆనించి, రెండు పక్కల 50 ఎం.ఎం. కవర్ పలకలు పెట్టి, అతుకుకి అటు మూడు ఇటు మూడు బోల్టులు 100 ఎం.ఎం. దూరంల వేస్తే సరిపోతది. అప్పుడు ప్రతి బోల్టుకి రెండు కోత గీతలు, ఒరుగుడు ఉండదు, ఒక్కొక్కటి దాదాపు టన్ను మోస్తది, మూడింటి వరుస తగ్గింపు పోయినా 2.4 టన్నులు మిగులుతయి. బోల్టులు కూడ ఒక్కటే ఎక్కువ.

మేకులకి కూడ ఇదే గతి. అదే షెడ్డుల పక్క పట్టీలకి 4 ఎం.ఎం. మేకులు ఎనిమిది ఒకే గీత మీద 28 ఎం.ఎం.కి ఒకటి కొట్టిన్రు, కోడ్ లెక్కల అవి నాలుగుకి కొంచెం ఎక్కువ అంతే. ఒకటి విడిచి ఒకటి ఆ గీతకి 4 ఎం.ఎం. పక్కకి జరిపి కొడితే వరుస తగ్గింపు పడదు. గట్టి కట్టెకి ముందు రంధ్రం వేసే కొట్టాలె.

మన దగ్గర కూడ బోల్టులకి ఐఎస్ 11096, మేకులకి ఐఎస్ 2366 ఉన్నయి. అధికారులని నేను అడిగేది ఒకటే, టెండర్ల "బోల్టులు 5 నంబర్లు" అని రాసి వదిలేయకుండ అతుకు డ్రాయింగ్ పెట్టి, దూరాలు, అంచు కొలతలు, వరుసకి ఎన్ని లెక్కల తీసుకున్నరో రాయాలె. అప్పటిదాకా వానకి ముందే ఆ ట్రస్‌కి కింద పోటు కర్రలు పెట్టించి, షెడ్డు చుట్టూ తాడు కట్టించండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, హన్మకొండ