వార్షిక నివేదిక: మన కస్టమర్ల ఫేస్‌బుక్ గ్రూపు

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

గత ఉగాది నుంచి ఈ ఉగాది దాకా జరిగిన జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా ఇస్తున్నారు. కార్యవర్గ సమావేశాలు నెలనెలా జరిగాయి. ఈ నివేదికను నేను దాదాపు పూర్తిగా గ్రూపుకే కేటాయించాను. ఈ ఏడాది మనం ఎక్కువగా వాదించుకున్నదీ, ఎక్కువ నేర్చుకున్నదీ దాని దగ్గరే.

ఆషాఢంలో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. గుంటూరులో మన బట్టల వ్యాపారుల సంఘం షాపులు 27. ఒక్కో షాపు రోజుకు రెండు తగ్గింపు పోస్టులు పెట్టినా రోజుకు 54 అవుతాయి. అప్పుడు ఎవరినీ ఆపలేదు, ఆ తప్పు కార్యవర్గానిది. ఆ నెలలోనే మా పాత ఖాతాదారు ఒక పెద్దావిడ షాపుకొచ్చి ఫోను నా చేతిలో పెట్టారు. "బాబూ, నేను అడిగింది ఎక్కడుందో నువ్వే వెతికిపెట్టు" అన్నారు. వేలితో పైకి తోస్తూ పోయాను. తగ్గింపు బొమ్మలు, మళ్ళీ తగ్గింపు బొమ్మలు. చాలాసేపటికి కనిపించింది: "మా అత్తగారికి తొమ్మిది గజాల నేత చీర కావాలి, ఎవరి దగ్గర ఉంది?" అడిగి నాలుగు రోజులైంది. కింద ఒక్క జవాబు లేదు. ఆ రోజు మన సంఘంలో కనీసం మూడు షాపుల్లో తొమ్మిది గజాల చీరలు ఉన్నాయి. ఆవిడ అప్పటికే వేరేచోట కొనుక్కుని, మన గ్రూపు నోటిఫికేషన్లు ఆపేశారు.

ఇది ఇంత ఆలస్యంగా తెలియడానికి ఒక కారణం ఉంది. మేము నెలనెలా గ్రూపు లెక్కల్లో `Active members` సంఖ్య చూసుకుని సంతోషించేవాళ్ళం. పోస్టు కంటపడిన వాళ్ళు కూడా అందులో చేరతారు, నోరు విప్పని వాళ్ళు కూడా. ఇప్పుడు మేము చూసేది వేరు: వారంలో కస్టమర్లు సొంతంగా అడిగిన ప్రశ్నలు ఎన్ని, వాటిలో ఆ రోజే జవాబు దొరికినవి ఎన్ని. ఆ లెక్కను నోటుబుక్కులో చేత్తో రాస్తున్నాం. ప్రశ్నలు తగ్గిపోతున్నాయంటే, సభ్యుల సంఖ్య పెరుగుతున్నా సరే, గ్రూపు చచ్చిపోతున్నట్టే లెక్క.

శ్రావణం నుంచి పద్ధతి మార్చాం. షాపుల తగ్గింపులన్నీ శుక్రవారం పెట్టే ఒకే పోస్టు కింద, షాపుకో కామెంటు చొప్పున రావాలి. మిగతా ఆరు రోజులూ గ్రూపు కస్టమర్లది. పోస్టులన్నీ అడ్మిన్ అనుమతి తర్వాతే కనపడేలా పెట్టాం. ఇందులో మొదట దెబ్బతిన్నాం. అనుమతి ఇచ్చే మనిషి ఒక్కడే ఉండడం, అతను పెళ్ళిళ్ళ బేరాల్లో మునిగిపోవడం వల్ల పోస్టులు `Pending posts`లో పేరుకుపోయాయి. శనివారం పెళ్ళికి జాకెట్టు గుడ్డ అడిగిన అమ్మాయి పోస్టుకు ఆదివారం అనుమతి ఇచ్చాం. అనుమతి పెట్టి చూసేవాళ్ళు లేకపోతే, అసలు పెట్టకపోవడమే నయం. అందుకే ఇప్పుడు రోజుకు ఇద్దరు వంతులవారీగా పొద్దున షాపు తీసేముందు ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి గల్లా లెక్క చూసుకున్నాక ఒకసారి చూస్తున్నారు.

చేరేవాళ్ళను ఒక ప్రశ్న అడుగుతున్నాం: "మన షాపుల్లో చివరిసారి ఎక్కడ, ఏం కొన్నారు?" నిజమైన కస్టమరు "మామిడిపండు రంగు వెంకటగిరి, దీపావళికి" అని రాస్తారు. దొంగ ఖాతా అయితే ఖాళీగా వదిలేస్తుంది, లేదా "ఎస్" అంటుంది. జవాబు ఇవ్వని వాళ్ళనూ, లింకులున్న పోస్టులనూ `Admin Assist` తనంతట తానే తిరస్కరించేలా పెట్టాం. దానికి దొరకని రకం ఇంకొకటి ఉంది: తప్పిపోయిన పిల్లవాడి ఫొటో, షేర్ చేయండని ఏడుపు. జాలిపడి అందరూ షేర్ చేశాక అదే పోస్టును దిద్ది అప్పుల ప్రకటనగా మార్చేస్తారు. కామెంట్లు మూసేసి ఉండడం, ఊరి పేరు గానీ పోలీస్ స్టేషన్ పేరు గానీ లేకపోవడం దాని గుర్తులు. ఇలాంటిది వస్తే అనుమతించకండి.

ఈ ఏడాది నన్ను బాగా బాధపెట్టిన సంగతి ఒకటి చెప్పాలి. మన సభ్యుడి షాపు పేరు, బోర్డు బొమ్మ పెట్టుకుని ఎవరో ఖాతా తెరిచారు. "రేటెంత?" అని అడిగిన కస్టమరుకు "ఇన్‌బాక్స్ చూడండి" అని రాసి, క్యూఆర్ కోడ్ పంపి డబ్బు లాగారు. ఆమెతో వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయించాం, ఆ ఖాతాను గ్రూపు నుంచి తీసేశాం. అసలు లోపం మన అలవాటులో ఉంది. ధర చెప్పడానికి మొహమాటపడి మనమే అందరినీ ఇన్‌బాక్స్‌కు పిలిచేవాళ్ళం. దొంగకు కావలసిన తలుపు అదే. పక్క షాపువాళ్ళు ధర చూసేస్తారన్న భయం నాకూ ఉండేది. అయినా ఇప్పుడు ధర అందరి ముందే రాయాలన్నది నియమం. డబ్బు షాపులో గానీ, బిల్లు మీద ఉన్న నంబరుకు గానీ మాత్రమే చెల్లించాలని గ్రూపు పైభాగంలో పెట్టాం. ధరలు కనపడడం మొదలయ్యాక "రేటెంత" అన్న కామెంట్లు తగ్గి, నేత గురించీ కొలతల గురించీ ప్రశ్నలు వచ్చాయి.

ఇక మంగళగిరి చీర సంగతి. కార్తీకంలో ఒకావిడ ముదురు నీలం నూలు చీర ఫొటో పెట్టారు. మొదటి ఉతుకులోనే రంగు దిగి, తెల్లటి లోపావడా నీలమైపోయింది. షాపు పేరు కూడా రాశారు. ఆ సభ్యుడు కంగారుగా నాకు ఫోన్ చేసి పోస్టు తీసేయమన్నాడు. తీసేస్తే ఆవిడ తన గోడ మీద రాసుకుంటుంది, అక్కడ మనకు జవాబు చెప్పే వీలుండదు అన్నాను. కష్టంగానే ఒప్పుకున్నాడు. సాయంత్రంలోగా తనే కింద రాశాడు: "అమ్మా, చీర తీసుకురండి, బిల్లు లేకపోయినా ఫర్వాలేదు." ఆ తర్వాత అదే సరుకులోని ఇంకో చీర విప్పి, తడిపిన తెల్ల గుడ్డతో అంచు దగ్గర నాలుగైదు సార్లు రుద్దాడు. గుడ్డ నీలమైంది. ఆ ఫొటో కూడా గ్రూపులో పెట్టాడు. అద్దకం తర్వాత దారానికి పట్టని రంగును సబ్బునీళ్ళలో సరిగా కడగకపోతే ఇలాగే దిగుతుంది, ముదురు రంగుల్లో మరీ ఎక్కువ. ఆ సరుకంతా వెనక్కి పంపాడు, ఆవిడకు చీర మార్చి ఇచ్చాడు. పోస్టు చూసి అదే సరుకు కొన్న మరో నలుగురు వచ్చారు, వాళ్ళకూ మార్చాడు. నష్టం వచ్చిన మాట నిజం. కానీ ఆ పోస్టు కింద ఇప్పటికీ కస్టమర్లు తడిగుడ్డ పరీక్ష గురించి ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. మొదట ఫిర్యాదు చేసిన ఆవిడ సంక్రాంతికి తన చెల్లెలినీ తోడికోడలినీ ఆ షాపుకే తీసుకొచ్చారు.

అన్ని ఫిర్యాదులూ ఇలా తేలలేదు. ఒకరిద్దరు సభ్యులు కస్టమరుతో గ్రూపులోనే మాటకు మాట పెంచుకున్నారు. అలాంటప్పుడు కామెంట్లు ఆపి, ఇద్దరితో ఫోనులో మాట్లాడుతున్నాం. బూతులు, ఫోన్ నంబర్లు బయటపెట్టినవి తప్ప ఫిర్యాదు ఏదీ తొలగించలేదు.

వచ్చే ఆషాఢానికి శుక్రవారం నియమాన్ని సడలించి, ఆ ఒక్క నెలా రోజూ తగ్గింపులు పెట్టుకోనివ్వమని ఇద్దరు సభ్యులు రాతపూర్వకంగా కోరారు. వారి ఉత్తరాలు జతచేశాను. నా అభిప్రాయం వద్దనే. దీనిపై ఓటు సర్వసభ్య సమావేశంలో తీసుకుందాం. వంతుల పట్టికలో బుధ, గురువారాలకు ఇంకా ఒక్కొక్కరే ఉన్నారు. రెండో పేరు ఇవ్వదలచినవారు ఆ రోజే కార్యాలయంలో రాయించగలరు.

మీ
కార్యదర్శి