ఆదివారం సంపు క్లీనింగ్: ఎవరి పని ఏంది, ఎప్పటిలోగా

అందరికీ నమస్తే. ఆదివారం పొద్దున 7కి మన సంపు, పై ట్యాంకు కడిగిస్తున్నాం. "ఎవరైనా కొంచెం చూడండి" అని పెడితే అందరూ బొటనవేలు గుర్తు పెడతారు, వాల్వ్ దగ్గర మాత్రం ఎవరూ ఉండరు, అందుకే ఈసారి ఫ్లాట్ నంబర్‌తో రాస్తున్నా.

101 అన్నా, శుక్రవారం సాయంత్రం 6 లోపు కడిగేవాళ్లతో మాట్లాడి, ఎంతమంది, ఎన్నింటికి వస్తారో ఇక్కడ పెట్టండి. "మాట్లాడిన" అంటే సరిపోదు, మిగతా పనులన్నీ ఆ టైం మీదే ఉన్నాయి.

203 తమ్మీ, శనివారం పొద్దున 8కల్లా సంపులోకి వచ్చే లైన్ వాల్వ్ కట్టేసి ఫోటో పెట్టు. పైకి మోటర్ మామూలుగానే వెయ్యి, రాత్రికి సంపులో నీళ్లు అడుగుకు దిగాలి. కడగడం అయ్యాక వాల్వ్ తిప్పేది కూడా నువ్వే, కట్టినోళ్లకు చెప్పి తెరిచేవాళ్లను మరిస్తే సోమవారం చుక్క రాదు.

102 అంకుల్, మూత తీసినప్పటి నుంచి మళ్లీ వేసేదాకా మీరక్కడే ఉండండి, పిల్లలను రానియ్యొద్దు. కాసేపు గాలి ఆడాకే మనిషి దిగాలి.

304 అక్కా, ఫ్లాట్‌కు 200 చొప్పున శనివారం రాత్రి 8 లోపు వసూలు మీది.

మిగతా అందరూ శనివారం రాత్రి 9 లోపు రెండు బకెట్లు పట్టుకోండి, ఆదివారం మధ్యాహ్నం దాకా నల్లా రాదు.

పేరు పడ్డ నలుగురూ ఈ రాత్రి 9 లోపు "నా పని సరే" అని రాయండి. కుదరకపోతే మీ బదులు ఎవరు చేస్తారో అడిగి, ఆ ఫ్లాట్ నంబర్ పెట్టండి. గుర్తులు లెక్కలోకి రావు.