గుమ్మం దగ్గర లెక్క, మరకల వివరం తీసుకోని పికప్‌పై ఫిర్యాదు

లాండ్రీ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మీ పికప్–డెలివరీ పోస్టుల్లో చెప్పినదాని వల్ల జరిగిన నష్టం

అయ్యా,

"సంచి గుమ్మం బయట పెట్టి ఆఫీసుకు వెళ్లిపోండి, లెక్క మేం చూసుకుంటాం, 24 గంటల్లో బట్టలు మీ ఇంట్లో" అని మీ పోస్టులు చెబుతున్నాయి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లు మా అపార్ట్‌మెంట్‌లో ఎక్కువ. వాళ్లు ఆ మాట నమ్మారు. మా అభ్యంతరమంతా ఆ మాట మీదే.

ఒక ఫ్లాటు నుంచి 11 బట్టలున్న సంచి వెళ్లింది. మధ్యాహ్నం మీ ప్లాంటులో లెక్కపెట్టి 10కి బిల్లు పంపారు. లేనిది పట్టు జాకెట్టు. సంచి కట్టేటప్పుడు ఇరువైపులా లెక్క చూసుకోలేదు కనుక అది ఎక్కడ పోయిందో ఇప్పుడు ఎవరూ తేల్చలేరు.

అంతకంటే పెద్ద నష్టం పట్టుచీరకు జరిగింది. చెంగు మీద పాయసం చుక్కలు పడ్డాయి. ఆరిపోయాక అవి కంటికి ఆనవు. డ్రైక్లీనింగ్ ద్రావకం నూనె, జిడ్డు వదిలిస్తుంది గానీ చక్కెరను కరిగించదు, దానికి నీళ్లే కావాలి. చక్కెర పట్టు పోగుల్లో ఉండగానే చీరకు ఆవిరి ఇస్త్రీ వేడి తగిలింది, చుక్కలు గోధుమరంగు మచ్చలై తేలాయి. మెషీన్‌లో వేయకముందే ఆ చోట కొద్దిపాటి తడితో మరక తీయాల్సింది. పట్టు మీద నీళ్లు పడితే అంచు కట్టినట్టు మరక మిగలొచ్చు, రంగూ దిగొచ్చు. అందుకే ముందు లోపలి మడతలో ఒకచోట పరీక్షించి చూడాలి. ఇదంతా మీ పనివాళ్లకు తెలిసిన విద్యే. తెలియనిదల్లా ఏం పడిందన్నది. అది ఇంటివాళ్లే చెప్పగలరు, సంచి చేతులు మారేటప్పుడే చెప్పగలరు. మీ పోస్టు మానేయమంటున్నది సరిగ్గా సంచి అప్పగించే ఆ ఐదు నిమిషాలనే. పైగా "పాత మరక, మా బాధ్యత కాదు" అని జవాబిచ్చారు. ఏం పడిందని అడిగితే గదా పాతదో కొత్తదో తెలిసేది!

ఫిర్యాదుకు 24 గంటల గడువు పెట్టి, ఆ గడువును వాచ్‌మన్ చేతికి బట్టల కవరు ఇచ్చిన క్షణం నుంచి లెక్కిస్తున్నారు. ఆఫీసు నుంచి రాత్రి వచ్చేవాళ్లు దాన్ని విప్పేది ఆదివారమే.

కాబట్టి ఆ పోస్టులు తీసేయండి. ఉదయం ఏడు నుంచి ఎనిమిదిన్నర లోపు మనిషి వచ్చి, ఇంటివాళ్ల ఎదుటే లెక్కపెట్టి, ఏ బట్ట మీద ఏం పడిందో, ఎప్పుడు పడిందో రాసుకుని, ఆ చీటీ ఫోటో ఇద్దరి ఫోన్లలో ఉండేలా చూడండి. మరక ఉన్న పట్టుకు 24 గంటలని మాట ఇవ్వకండి. ఫిర్యాదు గడువును కనీసం వారం చేయండి. జాకెట్టు, చీరల నష్టం 15 రోజుల్లో చెల్లించండి. లేకుంటే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేస్తాం. మీ పోస్టుల స్క్రీన్‌షాట్లు, బిల్లు, చీర ఫోటోలు దీనితో జతచేశాం.

ఇట్లు,
అపార్ట్‌మెంట్ నివాసుల సంఘం, హైదరాబాద్